మసక చాలదు, నలుపు పెట్టండి

దాడి జరిగిన వాడకు నిజనిర్ధారణకు పోతాం, ఫోటోలు తీస్తాం, పత్రికలో వేస్తాం. మనం బస్సెక్కి వచ్చేస్తాం. నోరు విప్పి చెప్పినోళ్లు మాత్రం ఆ ఊళ్లోనే బతకాలి. అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణతో వచ్చిన 15ఎ సెక్షన్ సాక్షుల పేర్లు, చిరునామాలు తీర్పుల్లో సైతం దాచే అధికారం కోర్టుకిచ్చింది. కోర్టు దాచమన్నదాన్ని మనమే అచ్చేసి పంచితే ఎవరికి మేలు?

'ముఖం మసక చేశాం గదా' అంటారు. మసకను నమ్మొద్దు. 2007లో ఇంటర్‌పోల్ వెతికిన ఒక నేరస్తుడు తన ముఖాన్ని సుడిలా తిప్పి ఫోటోలు పెట్టాడు. జర్మనీ పోలీసులు ఆ సుడిని వెనక్కి తిప్పి ముఖం బయటికి తీశారు. అక్కడ దొరికినోడు నేరస్తుడు. మన ఫోటోలో దొరికేది సాక్షి.

నంబరు ప్లేటు సంగతి ఇంకా తేలిక. గళ్లుగళ్లుగా చెరిపిన ప్లేటు ఉందనుకోండి. ఊళ్లో ఉన్నవి ఇరవై బైకులు. ఒక్కో నంబరునూ అదే తీరున చెరిపి, మన ఫోటో పక్కన పెట్టి చూస్తే ఏది సరిపోతుందో తేలిపోతుంది. అందుకే ప్లేటు మీదా, ముఖం మీదా నిండు నలుపు డబ్బా పెట్టాలి. ఫోన్లోని హైలైటర్ పెన్నుతో రుద్దితే కాదు. దాని కింద రంగు మిగిలే ఉంటుంది, వెలుతురు పెంచితే కనబడుతుంది.

నలభై ఫోటోల ఫోల్డరు ఉందంటే ముందు దాన్ని మొత్తం కాపీ చేయండి. అసలును ముట్టొద్దు, కోర్టుకు అదే కావాలి. అసలులో తీసిన టైమూ, కొన్నిట్లో జాగా గుర్తులూ దాగి ఉంటాయి. అక్కడ అవి సాక్ష్యం, అచ్చు కాపీలో అవే ప్రమాదం. నలుపు పెట్టాక కాపీ ఫోల్డరు మీద ఇది నడపండి:

```
exiftool -all= -overwrite_original kapi/
```

రెండో మాట రాయకపోతే పాత గుర్తులున్న ఫోటో `_original` పేరుతో అదే ఫోల్డర్లో మిగిలిపోతుంది. ఫోల్డరు మొత్తం పంపితే అదీ పోతుంది.

ముఖాలు వెతికే యంత్రం పక్కకు తిరిగినోళ్లను, కొంగు కప్పుకున్నోళ్లను వదిలేస్తుంది. కాబట్టి నలభై ఫోటోలూ ఒక్కొక్కటిగా పెద్దవి చేసి చూడాల్సిందే. బైకు అద్దంలో ముఖం, గోడ మీద ఇంటి నంబరు కనబడతాయి. ఏడో ఫోటోలో ముఖం మూసిన అక్క ఎనిమిదో ఫోటోలో అదే చీరతో తెరిచి ఉంటే ఏడో దాంట్లో మూసి లాభమేంది?

ఇంత చేసినా ఊరోళ్లు నడకను బట్టి, చేతి కడియాన్ని బట్టి మనిషిని పోల్చుకుంటారు. అలాంటి ఫోటోను నలుపు కాపాడదు. దాన్ని వేయకండి. మాట అచ్చు వేయండి, మనిషిని వద్దు.