అన్నదమ్ముల భూతగాదా: సంతకానికి ముందు కొలత

నాన్న సొంతంగా కొన్న ఆరెకరాలు మా ఇంట్లో పదకొండేళ్లు నలిగాయి. ఆయన వీలునామా రాయలేదు. అమ్మ అంతకు ముందే పోయింది. పాసు పుస్తకం పెద్దవాడినని నా పేరున ఎక్కింది. సాగు నాదే, అప్పు నాదే, పెత్తనమూ నాదే. తమ్ముడు వకీలు నోటీసు పంపిన రోజున నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే తప్పు వాడిది కాదు, నాది.

నోటీసు పట్టుకుని వకీలు దగ్గరికి వెళితే ఆయన ఉన్నమాట చెప్పాడు. భాగపంపిణీ దావాలో తీర్పు రెండుసార్లు రావాలి. మొదటిది ప్రాథమిక డిక్రీ. ఎవరి వాటా ఎంతో అది చెబుతుంది, అంతే. ఆ తర్వాత తుది డిక్రీకి మళ్లీ పిటిషను వేయాలి. అడ్వకేట్ కమిషనర్ సర్వేయరుతో పొలానికి వచ్చి కొలిచి, ఎవరికి ఏ ముక్కో రిపోర్టు ఇవ్వాలి. దానిమీద అభ్యంతరాలు, వాదనలు. అప్పటికీ ఎదుటివాడు ముక్క వదలకపోతే అమలు పిటిషను. నడుమ అప్పీలు పడితే అదొక కథ. మా పక్క ఊరి అన్నదమ్ములు ప్రాథమిక డిక్రీ చేతికొచ్చిన రోజు స్వీట్లు పంచారు. తుది డిక్రీ ఇంకా రాలేదు.

మేము దావా వేయకుండానే కోర్టు ఆవరణలో ఉన్న మండల న్యాయ సేవాధికార సంస్థకు తెల్లకాగితం మీద అర్జీ పెట్టాం. ఫీజు లేదు. వాళ్లు తమ్ముడికి, చెల్లెలికి నోటీసులు పంపారు. దావా నడుస్తున్నవాళ్లు కూడా తమ కేసును లోక్ అదాలత్‌కు పంపమని జడ్జిగారిని అడగవచ్చు. అక్కడ రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. కుదరకపోతే కేసు మళ్లీ కోర్టుకే పోతుంది. లోక్ అదాలత్ తనంతట తాను తీర్పు చెప్పదు. అందరూ ఒప్పుకుంటేనే అవార్డు.

మొదటి సారి కూర్చున్నప్పుడు నేను, తమ్ముడు చెరి మూడెకరాలకు ఒప్పుకున్నాం. అక్కడున్న వకీలుగారు, ‘‘మీ చెల్లెలేదయ్యా?’’ అన్నారు. పెళ్లికి కట్నం ఇచ్చాం కదా అన్నాను. కట్నం ఇస్తే వాటా పోదన్నారు. తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా భాగం ఉంటుంది. ఆమె లేకుండా రాసుకున్న రాజీకి ఆమె కట్టుబడదు. రేపు ఆమె కోర్టుకెక్కితే అంతా మొదటికి వస్తుంది.

రెండోసారి చెల్లెలు వచ్చింది. ‘‘అన్నయ్యా, నేను పొలం అడగడానికి రాలేదు. నన్ను అడగకుండా రాసుకుంటున్నారని వచ్చాను’’ అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మనిషికి రెండెకరాలు అనుకున్నాం.

అంతటితో సంతకం పెట్టి ఉంటే మళ్లీ తగాదాయే. మా పొలానికి తూర్పున రోడ్డు. బోరు కూడా తూర్పు ముక్కలోనే ఉంది. పడమటి ముక్కకు దారీ లేదు, నీళ్లూ లేవు. అందుకని వాయిదా అడిగి, సర్వేయరుతో కొలిపించి స్కెచ్ గీయించాం. ఉత్తరపు గట్టు వెంట పది అడుగుల బండి దారి వదిలాం. బోరు ముగ్గురిదీ. వంతుకు రెండు రోజుల నీళ్లు, మోటారు రిపేరు ఖర్చు మూడు భాగాలు. పంట రుణం నేను తీసుకున్నది కాబట్టి ఫలానా తేదీలోగా నేనే కట్టాలి. బ్యాంకు ఈ రాజీలో లేదు గనుక మా అవార్డు బ్యాంకును కట్టడి చేయదు. అప్పు తీరితే తప్ప తనఖా పోదు. సర్వే నంబరు, నాలుగు హద్దులు, విస్తీర్ణం అన్నీ రాసి, స్కెచ్‌ను అవార్డుకు జతచేయించాం. మూడోసారి కూర్చున్నప్పుడు ముగ్గురం సంతకాలు పెట్టాం.

పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితానికి, దీనికి తేడా ఇక్కడే ఉంది. రిజిస్టరు కాని పంపకం కాగితం కోర్టులో నిలబడడం కష్టం. లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం. మాట తప్పినవాడిమీద నేరుగా అమలు పిటిషను వేయవచ్చు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం దీనిమీద అప్పీలు లేకుండా చేసింది. మోసం చేసి రాయించారంటే హైకోర్టులో రిట్ వేయడమే దారి. అందుకే ఇది రెండువైపులా పదునున్న కత్తి. జాతీయ లోక్ అదాలత్ రోజున కేసుల సంఖ్య పెంచాలన్న హడావిడి ఉంటుంది. ‘‘ముందు రాజీపడండి, హద్దులు తర్వాత చూసుకోవచ్చు’’ అని ఎవరన్నా సంతకం పెట్టకండి. హద్దులు లేని రాజీ ప్రాథమిక డిక్రీ కంటే మెరుగేమీ కాదు.

అవార్డు వచ్చాక కూడా పని మిగులుతుంది. పంపకానికి స్టాంపు సుంకం పడుతుంది. ఎంత పడుతుందో, రిజిస్ట్రేషన్ ఎలాగో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే అడగండి. ఆపైన సబ్ డివిజన్, మ్యుటేషన్ చేయించి ఎవరి పాసు పుస్తకం వాళ్లు తీసుకునేదాకా పని అయినట్టు కాదు.

మన సంఘం మండల కమిటీలకు నా సూచన ఒకటే. వచ్చే లోక్ అదాలత్‌కు ముందు, ఊళ్లో తగాదా ఉన్న కుటుంబాలను కూర్చోబెట్టి రెండు పనులు చేయించండి. వాటాదారులందరి పేర్లు, ఆడపడుచులతో సహా, రాయించండి. పొలం కొలిపించండి. ఈ రెండూ చేతిలో ఉంటే అక్కడికి వెళ్లడంలో అర్థం ఉంటుంది.