ముందు ప్రశ్నలు... తర్వాతే ఇంగ్లిష్!

తెలుగు బ్రోచర్‌ని ఇంగ్లిష్‌లోకి మార్చమంటే మనలో చాలామంది మొదట డిక్షనరీ తెరుస్తాం. నా అభిప్రాయంలో మొదట తెరవాల్సింది నోట్‌బుక్. ఆ కంపెనీ వాళ్లను అడగాల్సిన ప్రశ్నలు అందులో రాసుకోవాలి. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్ల అనువాదం కూడా చాలాసార్లు అతికించినట్టు ఉంటుంది. భాష రాకపోవడం కంటే సమాచారం లేకపోవడమే దానికి పెద్ద కారణం.

ఈ పనికి ఖమ్మం, భద్రాచలం అడవి అంచున అవసరం బాగానే ఉంది. భద్రాచలం గిరిజన మహిళలు చిరుధాన్యాలతో చేసే ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’ బిస్కెట్ల గురించి 2025 జూన్ 29న ‘మన్ కీ బాత్’లో ప్రధాని ప్రస్తావించారు. అవి లండన్ దాకా వెళ్తున్నాయని చెప్పారు. సరుకు అంత దూరం వెళ్లాలంటే దాని గురించి చెప్పే కాగితం కూడా అక్కడివాళ్లకు అర్థమయ్యేలా ఉండాలి కదా!

ఒక పేరా తీసుకుందాం

ఇలాంటి ఒక సంఘం బ్రోచర్‌లో ఈ పేరా ఉందనుకోండి. ఇది ఏ సంస్థదీ కాదు, ఉదాహరణ కోసం నేను రాసింది.

“భద్రాచలం ఏజెన్సీ ప్రాంత గిరిజన మహిళలమైన మేము పెద్దల ఆశీస్సులతో సంఘంగా ఏర్పడి, అడవితల్లి ఒడిలో మందులు వాడకుండా పండించిన కొర్రలు, రాగులు సేకరించి, శుభ్రపరిచి, పిండి పట్టించి, అత్యంత నాణ్యమైన, ఆరోగ్యకరమైన బిస్కెట్లు తయారుచేసి సరసమైన ధరలకు అందిస్తున్నామని సగర్వంగా తెలియజేస్తున్నాము.”

తెలుగులో ఇది చక్కగానే ఉంది. ‘సేకరించి, శుభ్రపరిచి, పట్టించి, చేసి’ అంటూ గొలుసులా సాగి చివర్లో అసలు క్రియ దగ్గర ఆగడం మన వాక్యానికి సహజం. ఇంగ్లిష్‌లో ఇదే గొలుసు కడితే చదివేవాడికి మూడో లింకు దగ్గరే ఊపిరి ఆడదు. అమ్మేది బిస్కెట్లని తెలిసేసరికి వాక్యం అయిపోవస్తుంది. అందుకే ఇంగ్లిష్‌లో ‘ఏం అమ్ముతున్నాం’ అనేది మొదటి వాక్యంలోనే రావాలి. మిగతా లింకుల్ని విడివిడి చిన్న వాక్యాలు చేయాలి, లేదా వదిలేయాలి. ఏ పిండైనా శుభ్రం చేసే పట్టిస్తారు, అది కొనేవాడికి కొత్త సంగతి కాదు.

కాలు జారే మాటలు

‘ఏజెన్సీ’ దగ్గరే మొదటి గుంత ఉంది. బ్రిటిష్ కాలం నుంచి మన్యం ప్రాంతాలకు ఉన్న ఆ పేరు మనకు అలవాటే. బయటివాడికి ఏజెన్సీ అంటే ప్రకటనల ఆఫీసో, ట్రావెల్ ఆఫీసో. ‘గోదావరి ఒడ్డున అడవి పల్లెలు’ అనే అర్థం వచ్చేలా రాస్తే సరిపోతుంది. అడ్రస్ కూడా ఒకసారి చూడండి. 2016 అక్టోబర్ 11 నుంచి భద్రాచలం ఖమ్మం జిల్లాలో లేదు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. పాత బ్రోచర్ అయితే పాత జిల్లా పేరే ఉండిపోయి ఉండొచ్చు.

‘మందులు వాడకుండా’ దగ్గర గుంత ఇంకా లోతు. ‘వితౌట్ మెడిసిన్స్’ అని రాస్తే నవ్వుతారు. అది తెలిసినవాళ్లు వెంటనే ‘ఆర్గానిక్’ అని రాసేస్తారు. చదవడానికి చాలా సహజంగా ఉంటుంది, ప్రమాదమూ అక్కడే. మన దేశంలో ఆహారాన్ని ఆర్గానిక్ అని అమ్మాలంటే సాధారణంగా ఎన్‌పీఓపీ లేదా పీజీఎస్-ఇండియా ధ్రువీకరణ కావాలి. రైతు నిజంగానే మందు కొట్టలేదేమో, కానీ కాగితం లేదు. అప్పుడు అనువాదకుడు మూల రచనలో లేని హామీ ఇచ్చినట్టే. ‘షుగర్ ఉన్నవాళ్లకు మంచిది’ లాంటి మాటలూ ఇంతే. జబ్బును నయం చేస్తుందనో, రాకుండా ఆపుతుందనో ఆహార ప్రకటనల్లో చెప్పడాన్ని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనలు ఒప్పుకోవు.

‘చిరుధాన్యం కదా, గ్లూటెన్ ఫ్రీ అని పెడదాం’ అనీ అనిపిస్తుంది. బిస్కెట్‌లో గోధుమపిండి కలిపితే ఆ మాట పచ్చి అబద్ధం. కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉంటే ఆ పేరు వాడకూడదు. గోధుమ పడనివాడు ఆ మాట నమ్మి తింటే ఆస్పత్రి పాలు కావచ్చు.

విశేషణానికి బదులు వివరం

‘అత్యంత నాణ్యమైన’కి ఇంగ్లిష్ మాట వెతకకండి. నాణ్యత అని దేన్ని చూసి అంటున్నారో అడగండి. ఎంతమంది చేస్తున్నారు? బిస్కెట్‌లో చిరుధాన్యం ఎంత శాతం? తీపి దేంతో? ఎన్ని రోజులు నిల్వ ఉంటుంది? కనీస ఆర్డర్ ఎంత? 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ ఉందా? ‘గిరిజన’ అని రాయమంటారా, తెగ పేరే చెప్పమంటారా? ఈ చివరి ప్రశ్నకు జవాబు వాళ్లే చెప్పాలి, మనం ఊహించకూడదు.

వాళ్లు ఇలా చెప్పారనుకుందాం. 12 మంది, అందరూ కోయ మహిళలు. చిరుధాన్యం 60 శాతం, మిగతాది గోధుమపిండి, బెల్లం, నెయ్యి. ధాన్యం చుట్టుపక్కల రైతుల దగ్గర కొంటారు, ధ్రువీకరణ లేదు. అప్పుడు పేరా ఇలా వస్తుంది:

“వి బేక్ మిల్లెట్ బిస్కెట్స్ ఇన్ భద్రాచలం, ఎ టెంపుల్ టౌన్ ఆన్ ద గోదావరి. దేర్ ఆర్ ట్వెల్వ్ ఆఫ్ అజ్, ఆల్ కోయ విమెన్. వి బై అవర్ ఫాక్స్‌టెయిల్ అండ్ ఫింగర్ మిల్లెట్ ఫ్రమ్ ఫార్మర్స్ నియర్‌బై. ఎవ్రీ బిస్కెట్ ఈజ్ 60 పర్సెంట్ మిల్లెట్, స్వీటెన్డ్ విత్ జాగరీ.”

ఒక్క పొగడ్త లేదు, అయినా నమ్మకం కలుగుతుంది. ‘సరసమైన ధర’ పోయి దాని స్థానంలో పక్కనే ధరల పట్టిక వస్తుంది. ‘చీప్’ అని రాస్తే సరుకే నాసిరకం అనుకుంటారు. ‘సగర్వంగా తెలియజేస్తున్నాము’ పూర్తిగా పోతుంది.

“మా పెద్దల పేర్లు ఎందుకు తీసేశారు?” అని వాళ్లు అడుగుతారు. అడగడం న్యాయమే. ఆ పేర్లను పారేయకుండా చివరి పేజీలో సంఘం చరిత్ర దగ్గర పెట్టండి. ఏది తీశారో, ఏది మార్చారో, ఎందుకో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. చెప్పకుండా తీసేస్తే అది అనువాదం కాదు, పెత్తనం. ఇంకో హద్దు కూడా ఉంది. బ్యాంకుకో, టెండర్‌కో ఇచ్చే కంపెనీ ప్రొఫైల్‌లో ఈ స్వేచ్ఛ పనికిరాదు. అక్కడ ఉన్నది ఉన్నట్టే రావాలి.

పూర్తయ్యాక రెండు పరీక్షలు పెట్టండి. తెలుగు చూడని స్నేహితుడికి ఇంగ్లిష్ ఇచ్చి, ‘వీళ్లు ఏం అమ్ముతున్నారు, కొనాలంటే ఏం చేయాలి?’ అని అడగండి. తడుముకుంటే మళ్లీ రాయాలి. తర్వాత మీ ఇంగ్లిష్‌ని మీరే తిరిగి తెలుగులో చెప్పుకోండి. అసలు బ్రోచర్‌లో గానీ, వాళ్ల జవాబుల్లో గానీ లేని గొప్ప ఏదైనా బయటపడితే దాన్ని కొట్టేయండి.

కంటెంట్ రైటర్, లోకలైజేషన్ ఉద్యోగాలకు వెళ్లేటప్పుడు మీ ఊళ్లోని ఒక సంఘం బ్రోచర్‌ని, వాళ్ల అనుమతితో, ఇలా చేసి పట్టుకెళ్లండి. తెలుగు మూలం, మీరు అడిగిన ప్రశ్నలు, మీ ఇంగ్లిష్... మూడూ పక్కపక్కన పెట్టండి. నేనైతే ముందు ఆ ప్రశ్నల కాగితమే చూస్తాను.