మనం కొట్టిన మందు మన చేనులోనే ఉండిపోదు

"ఎండ్రిన్ తాగాడంట."

పల్నాడు పల్లెల్లో ఈ మాట వినని పెద్దవాళ్ళు ఉండరు. ఎండ్రిన్ అనేది పత్తికి కొట్టిన ఒక పురుగుమందు పేరు. రానురాను ఏ పురుగుమందు తాగి చనిపోయినా మన నోట "ఎండ్రిన్" అనే వచ్చేది. ఆ మందును మన దేశం 1990లోనే నిషేధించింది. మందు పోయింది, మాట మిగిలింది. ఆ మాటే ప్రపంచ దేశాలన్నీ కలిసి రాసుకున్న ఒక ఒప్పందంలో కూడా ఉంది. 2001లో స్టాక్‌హోంలో ఆమోదించిన ఆ ఒప్పందం మొదట 12 విషాల మీద ఆంక్షలు పెట్టింది. అందులో ఎండ్రిన్ ఒకటి, డీడీటీ ఇంకొకటి.

పురుగుమందు సంగతి చూసుకోవడానికి మన దేశానికి చట్టాలు లేవా? ప్రపంచమంతా కూర్చోవాల్సిన అవసరమేంటి? ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే, ఈ ఒప్పందం మన ఆదివాసీలకు ఎందుకు సొంతమో కూడా తెలుస్తుంది.

విజయపురి సౌత్‌లో లాంచీల రేవు దగ్గర నిలబడి చూడండి. ఎదురుగా సాగర్ నీళ్ళు. పక్కనే కుడి కాలువ మొదలై పల్నాడు పత్తి చేలకి, మిరప చేలకి పోతుంది. ఆ చేలల్లో ఏళ్ళ తరబడి కొట్టిన మందుల్లో ఎండోసల్ఫాన్ ఒకటి. కొట్టిన మందంతా పురుగు మీదే పడదు. కొంత ఆకు మీద, చాలా వరకు మట్టి మీద పడుతుంది. వాన పడితే మట్టితో పాటు వాగులోకి, వాగు నుంచి కృష్ణలోకి పోతుంది. ఇది మన కంటికి కనపడే దారి. కనపడని దారి ఇంకొకటి ఉంది, అది గాలి.

రెంటచింతల ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ ఎండకి తడి బట్ట ఎంతలో ఆరిపోతుంది! అలాగే మట్టి మీదా ఆకు మీదా ఉన్న మందు కూడా కొంచెం కొంచెంగా ఆవిరై గాలిలో కలుస్తుంది. గాలి దాన్ని మోసుకుపోతుంది. చల్లని చోటు తగలగానే ఆవిరి మళ్ళీ నేలకి దిగుతుంది. చల్లటి చెంబు మీద బయట నీటి బొట్లు పడతాయి కదా, అదే పద్ధతి. మళ్ళీ ఎండ కాస్తే మళ్ళీ లేస్తుంది, ఇంకా చల్లని చోట దిగుతుంది. ఇట్లా మిడత గెంతినట్టు గెంతుకుంటూ, ఏళ్ళ మీద, కొంత భాగం ఉత్తర ధ్రువం దాకా చేరుతుంది. అక్కడ ఎప్పుడూ చలే కాబట్టి మళ్ళీ లేచి వచ్చేది తక్కువ. వేడి దేశాల్లో చల్లిన విషానికి మంచు దేశం గోదాము అయిపోతుంది.

అన్ని మందులూ ఇంత దూరం పోవు. చాలా మందులు ఎండకి, నీటికి, మట్టిలోని సూక్ష్మజీవులకి త్వరగా విరిగిపోతాయి. ఈ జాతి మందులు విరగవు. అందుకే వీటిని చిరకాల సేంద్రియ కాలుష్యాలు అంటారు. ఇక్కడ "సేంద్రియ" అంటే సేంద్రియ వ్యవసాయం అనుకోకండి, కార్బన్‌తో తయారైన రసాయనం అని అర్థం. పైగా ఇవి నీటిలో సరిగ్గా కరగవు, కొవ్వులో కరుగుతాయి. ఒంట్లోకి పోయినది మూత్రంతో బయటికి రాకుండా కొవ్వులో చేరి కూర్చుంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. నీటిలోని సన్నటి పురుగుల్ని చిన్న చేప తింటుంది. అట్లాంటి చిన్న చేపల్ని వందల కొద్దీ వాలుగో కొరమీనో తింటుంది. తిన్న మాంసం అరిగిపోతుంది కానీ విషం అరగదు, ప్రతి మెట్టు దగ్గరా పోగుపడుతుంది. డీడీటీ గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఇచ్చే లెక్క చూడండి. నీటిలో తేలే సన్నటి జీవుల్లో పది లక్షల వంతుల్లో 0.04 వంతు ఉంటే, చిన్న చేపలో 0.5, పెద్ద చేపలో 2 అవుతుంది. రెండు మెట్లు ఎక్కేసరికి 50 రెట్లు పెరిగింది. చివరి మెట్టు మీద ఆ పెద్ద చేపని తినే మనిషి ఉంటాడు. మనిషి తర్వాత ఇంకో మెట్టు కూడా ఉంది, తల్లి పాలు తాగే బిడ్డ.

ఇది ఊహ కాదు. 1980ల్లో కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో ఎరిక్ డెవాయి అనే డాక్టర్ తల్లి పాలని పరీక్ష చేస్తున్నాడు. ఫ్యాక్టరీలున్న దక్షిణ ప్రాంతం తల్లుల పాలతో పోల్చడానికి, ఏ కాలుష్యమూ లేని చోటు అనుకుని, ఉత్తరాన మంచులో బతికే ఇనూయిట్ ఆదివాసీ తల్లుల పాలు తెప్పించాడు. తీరా చూస్తే పీసీబీ అనే విషం ఆ తల్లుల పాలల్లోనే దక్షిణాది కంటే దాదాపు 5 రెట్లు ఎక్కువుంది. పీసీబీ కూడా ఆ మొదటి 12లోదే, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాడేవాళ్ళు. ఆ తల్లులు ఫ్యాక్టరీ పెట్టలేదు, మందు కొట్టలేదు. సముద్రంలో సీలునీ తిమింగలాన్నీ వేటాడి తిన్నారు, తాత ముత్తాతలు తిన్నట్టే. వాటి కొవ్వులో ప్రపంచం పారబోసిన విషం ఉంది.

ఇప్పుడు చెప్పండి, కెనడా ప్రభుత్వం ఎంత గట్టి చట్టం చేసుకుంటే ఆ తల్లికి లాభం? విషం వచ్చేది వేరే దేశం నుంచి. ఎవరి చేను వాళ్ళది అంటే కుదరని చోట అందరూ కూర్చుని ఒప్పుకోక తప్పదు. ఆ చర్చల్లోకి ఇనూయిట్‌లు నేరుగా వెళ్ళారు. వాళ్ళ నాయకురాలు షీలా వాట్-క్లూటియే, తల్లీబిడ్డల బొమ్మ చెక్కిన ఒక రాతి శిల్పాన్ని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం అధిపతికి ఇచ్చారు. చర్చలు నడిపే అధ్యక్షుడి బల్ల మీద ఆ శిల్పాన్ని పెట్టారు. ఒప్పందం పీఠికలో, ఉత్తర ధ్రువ ప్రాంత ఆదివాసీ సమాజాలకు ముప్పు ఎక్కువనీ, వాళ్ళ సంప్రదాయ ఆహారం విషమవడం ప్రజారోగ్య సమస్య అనీ రాశారు. ఆదివాసీల తిండి గురించిన మాట అంతర్జాతీయ చట్టంలోకి ఎక్కింది. ఊరికే ఎక్కలేదు, చేతిలో పాల పరీక్ష లెక్కలు ఉన్నాయి కాబట్టి ఎక్కింది.

ఇక మన దేశం సంగతికి వద్దాం. 2011 ఏప్రిల్‌లో జెనీవాలో ఎండోసల్ఫాన్‌ని ఆ జాబితాలో చేర్చే చర్చ వచ్చింది. అప్పటికి ప్రపంచంలో ఎక్కువ ఎండోసల్ఫాన్ తయారుచేసేది మన దేశమే. కేరళలోని కాసరగోడ్‌లో జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్‌తో 2000 దాకా ఇదే మందు చల్లారు. అక్కడి పిల్లల ఫొటోలు దేశమంతా చూసింది. అయినా మన ప్రభుత్వం నిషేధాన్ని వ్యతిరేకించింది. చివరికి ఒప్పుకుంది కానీ, కొన్ని పంటలకు కొన్నేళ్ళు మినహాయింపు తీసుకుని ఒప్పుకుంది. ఆ మినహాయింపు జాబితాలో ఏ పంటలున్నాయో తెలుసా? పత్తి ఉంది, మిరప ఉంది. అంటే మన పల్నాడు చేలు! పత్తి తీతకీ మిరప కోతకీ కూలికి పోయేది ఎవరు? సుగాలీ తండాల ఆడవాళ్ళు, చెంచులు, యానాదులు. వాళ్ళని ఎవరన్నా ఒక మాట అడిగారా?

మరుసటి నెల, 2011 మే 13న, సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్ తయారీ, అమ్మకం, వాడకం ఆపమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మనల్ని ఆదుకున్నది ఆ ఉత్తర్వు. ఎందుకంటే, మన దేశం ఒప్పందంలో చేరేటప్పుడే ఒక షరతు పెట్టింది: జాబితాలో కొత్త విషం చేరిస్తే, మేము విడిగా ఆమోదిస్తేనే అది మాకు వర్తిస్తుంది అని. 2020లో కేంద్ర మంత్రివర్గం అట్లా ఏడు రసాయనాలను ఆమోదించింది. ఆ ఏడింటిలో ఎండోసల్ఫాన్ లేదు. కోర్టు ఉత్తర్వు ఉంది కదా అని ఊరుకోవచ్చా? దేశంలో ఆపడం ఒకటి, ప్రపంచానికి మాట ఇవ్వడం ఇంకొకటి. మాట ఇస్తే పాత నిల్వలు వెతకాలి, సురక్షితంగా తీసేయాలి, లెక్క చెప్పాలి.

ఇంకో సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ ఒప్పందం అన్ని పురుగుమందులనీ పట్టుకోదు. చాలాకాలం విరగకపోవడం, ఒంట్లో పోగుపడటం, దూరం పోవడం, హాని చేయడం, ఈ నాలుగూ ఉన్నదాన్నే పట్టుకుంటుంది. మోనోక్రోటోఫాస్ కొట్టేవాడిని అక్కడికక్కడే పడగొట్టగలదు, కానీ త్వరగా విరిగిపోతుంది కాబట్టి ఈ జాబితాలోకి రాదు. దానికి వేరే పోరాటం కావాలి. అలాగే డబ్బా మీద ఉండే రంగు త్రికోణం చూసి మోసపోకండి. అది ఎంత మింగితే చస్తారో చెప్పే గుర్తు మాత్రమే, ఎన్నేళ్ళు మట్టిలో ఉంటుందో చెప్పదు. కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో రాసే అసలు మందు పేరు చదవండి. కూలికి పోయే అమ్మకి, అక్కకి చదివి చెప్పండి.

పాత డబ్బాలు పాకలో ఉంటే కాల్చకండి. క్లోరిన్ ఉన్న మందుల్ని మామూలు మంటలో కాలిస్తే డయాక్సిన్లు పుట్టొచ్చు, అవి ఆ 12 విషాల్లోవే. వాగులో పారబోయకండి. వ్యవసాయాధికారికి రాసిచ్చి, రాసిచ్చినట్టు రసీదు తీసుకోండి. ఇదంతా చదివి బిడ్డకి పాలు మాన్పించమని మాత్రం ఎవరికీ చెప్పకండి. తల్లి పాలు ఇవ్వమనే డాక్టర్లు అంటారు. తప్పు తల్లిది కాదు, పాలది కాదు.

మనం అడగాల్సినవి రెండే. ఒకటి, ఎండోసల్ఫాన్ సవరణను భారత ప్రభుత్వం ఆమోదించాలి. రెండు, సాగర్ చేపల్లో, ముఖ్యంగా వాలుగ, కొరమీను లాంటి వేటచేపల్లో, ఈ విషాలు ఎంతున్నాయో పరీక్ష చేసి, ఆ అంకెలు తెలుగులో మన గ్రామసభ ముందు పెట్టాలి. చేప పట్టేదీ తినేదీ మనమే కాబట్టి లెక్క ముందు మనకే చెప్పాలి. ఇనూయిట్ తల్లుల బాధ ఎప్పటినుంచో ఉంది, ప్రపంచం విన్నది మాత్రం అంకె చేతికొచ్చాకే. మన అంకె మన చేతికి రావాలి.