కుర్చీ మేమే తెచ్చుకోవాలా?

మా ప్రొద్దుటూరులో, మా వీధి అమ్మాయే, వచ్చే సోమవారం నుంచి వాళ్ల మిద్దె మీద యోగా క్లాసు పెడుతోంది. వాట్సాప్‌లో పెట్టే ప్రకటన తెచ్చి, "అక్కా, తప్పులుంటే దిద్దు" అంది. అక్షరదోషం ఒక్కటీ లేదు. విషయమే ఇట్లుంది:

"అష్టాంగ మార్గంలో బంధ, ముద్ర, నాడీశోధన! 21 రోజుల్లో షుగర్ మాయం! 10 కిలోలు తగ్గడం గ్యారంటీ! ఉదయం 5.30కి ఖాళీ కడుపుతో రావలెను."

ఎవరి కోసమమ్మా అంటే, బంగారు అంగళ్లలో పొద్దంతా కూర్చునేవాళ్ల కోసమట. వాళ్లు 'బంధ' అన్న మాట దగ్గరే, మనవల్ల కాదులే అని ఫోన్ పక్కన పెడతారు. "మొదటి రోజు ఏం చేయిస్తావ్?" అన్నా. "మెడ, భుజాలు తిప్పించి, ఊపిరితో చేతులు పైకెత్తించి, చివర పడుకోబెడతా" అంది. అదే రాయమన్నా. నాడీశోధన అంటే ఒక్కో ముక్కు మార్చి మార్చి మూస్తూ నిదానంగా గాలి పీల్చి వదలడమే కదా. పేరు క్లాసులో చెప్పుకోవచ్చు.

పది కిలోల మాట తేలిగ్గానే కొట్టేసింది. వారానికి అర కిలో, మహా అయితే కిలో తగ్గడమే మంచిదంటారు డాక్టర్లు. మూడు వారాలకు పదెక్కడ? షుగర్ దగ్గర మాత్రం వాదించింది. "నిజంగానే తగ్గుతుంది కదక్కా!" తగ్గొచ్చు, మందులతో, తిండితో పాటు. కానీ 'మాయం' అని చదివినవాడు ముందు మాత్ర మానేస్తాడు. మా బంధువొకాయన అట్లాగే ఇన్సులిన్ మానేసి ఆస్పత్రి పాలయ్యాడు.

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం ఆ నాలుగో మాట, ఖాళీ కడుపు. ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఏమీ తినకుండా వ్యాయామం చేస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, మాట తడబడుతుంది. చూసేవాళ్లు నీరసమనుకుంటారు. అప్పుడు స్పృహలో ఉంటే వెంటనే గ్లూకోజు నీళ్లో చక్కెర నీళ్లో తాగించాలి, ఇంకాసేపు పడుకోబెట్టడం కాదు. ఆ పిల్లకు ఈ సంగతే తెలియదు. క్లాసులో గ్లూకోజు డబ్బా పెట్టుకోమన్నా.

చివరికి ఇట్లా తేలింది:

"యోగా ఎప్పుడూ చేయని వాళ్లకు క్లాసు. సోమవారం నుంచి, ఉదయం 5.30 నుంచి 6.15 దాకా. మెడ, నడుము, కాళ్లు మెల్లగా కదిలించడం, నిదానంగా ఊపిరి తీయడం నేర్పుతాం. నేల మీద కూర్చోలేకపోతే కుర్చీలో చేయొచ్చు. షుగర్, బీపీ, గుండె జబ్బు, కంటి నీటికాసులు ఉన్నా, గర్భిణులైనా ముందు మీ డాక్టరునడగండి, మాకూ చెప్పండి. షుగర్ మందులు వాడేవాళ్లు ఏం తిని రావాలో కూడా ఆయన్నే అడగండి. మందులు మానొద్దు. మొదటి రోజు ఉచితం."

"ఇంత చప్పగా ఉంటే ఎవరొస్తారక్కా?" అని గొణుగుతూనే పెట్టింది. రాత్రికి మొదటి మెసేజ్ మా ఎదురింటి పెద్దమ్మది: "కుర్చీ మేమే తెచ్చుకోవాలా?"

ఆ పిల్ల నాలుగు కుర్చీలు మిద్దెక్కించి, ప్రకటనలో ఇంకో ముక్క కలిపింది: "కుర్చీలు ఇక్కడే ఉంటాయి."