ఇరవై అయిదు అంటే ఇరవై అయిదు కాదు

హైదరాబాద్, బాలానగర్.

మెకానికల్ ఇంటర్న్‌లుగా షాపుల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలకు,

లేత్ ముందు కొన్నాళ్లు, ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర కొన్నాళ్లు నిలబడి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి. మొదటిరోజు మీ చేతిలో ఒక డ్రాయింగ్ పెట్టి, ‘చూస్తూ ఉండు, వస్తా’ అని సూపర్‌వైజర్ వెళ్లిపోతాడు. మీరు వెంటనే బొమ్మ చూస్తారు. నేనూ అదే చేశాను. ఫలితంగా పన్నెండు బ్రాకెట్లు తుక్కులోకి పోయాయి.

అది విదేశీ కస్టమర్ పంపిన డ్రాయింగ్. ఎల్ ఆకారంలో బ్రాకెట్, దాని నిలువు రెక్కకు ఒక అంచు దగ్గరగా అవతలిదాకా పోయే రంధ్రం. ముందు నుంచి చూసిన బొమ్మకు కుడిపక్కన సైడ్ వ్యూ గీసి ఉంది. మన కాలేజీల్లో నేర్పేది ఫస్ట్ యాంగిల్. అందులో వస్తువును ఎడమ నుంచి చూస్తే కనబడేది కుడిపక్కన గీస్తారు. అమెరికావాళ్లు వాడే థర్డ్ యాంగిల్‌లో కుడి నుంచి చూసింది కుడిపక్కనే ఉంటుంది. నేను అలవాటు కొద్దీ ఫస్ట్ యాంగిల్ అనుకుని చదివాను. రంధ్రం అవతలిదాకా పోయేది కాబట్టి ఎటునుంచి చూసినా గుండ్రంగానే కనబడుతుంది, అనుమానం రావడానికి ఆస్కారమే లేదు. ముందు అంచు దగ్గర ఉండాల్సిన రంధ్రం వెనక అంచు దగ్గర పడింది. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి. వస్తువు మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడింది.

ఆ తప్పు జరగకుండా ఆపే గుర్తు సాధారణంగా కాగితం కింద కుడిమూలన ఉండే టైటిల్ బ్లాక్‌లోనే ఉంది, నేను చూడలేదు. కొన తెగ్గోసిన శంకువు, పక్కన ఒకదానిలో ఒకటి రెండు వృత్తాలు. గుర్తుపట్టడానికి నేను తర్వాత పెట్టుకున్న కిటుకు చెబుతాను. శంకువు సన్న కొన వృత్తాల వైపు తిరిగి ఉంటే థర్డ్ యాంగిల్. వృత్తాలకు వీపు పెట్టి అవతలికి తిరిగి ఉంటే ఫస్ట్ యాంగిల్. బొమ్మ జోలికి పోకముందే ఇది చూడండి.

ఇక కొలతలు. డ్రాయింగ్ మీద అంకె ఒకటే కనబడినా దాని వెనక రెండుంటాయి, ఇంతకంటే తగ్గకూడదు అనేదొకటి, ఇంతకంటే పెరగకూడదు అనేదొకటి. ఒక మెట్ల షాఫ్టునే తీసుకుందాం. దాని సన్నభాగం వ్యాసం దగ్గర ‘25 జి6’ అని ఉందనుకోండి. దాని మీద తిరగాల్సిన బుష్ రంధ్రానికి ‘25 హెచ్7’ అని ఉంది. డ్రాయింగ్‌లో రంధ్రానికి పెద్దక్షరం, షాఫ్టుకు చిన్నక్షరం వేస్తారు. అక్షరం ఆ కొలత 25కు ఎటువైపు, ఎంత దూరంలో మొదలవుతుందో చెబుతుంది. పక్కనున్న అంకె ఎంత వెసులుబాటు ఇచ్చారో చెబుతుంది.

షాపు గోడకు అంటించిన లిమిట్స్ చార్టులో చూస్తే, ఈ సైజు హెచ్7 రంధ్రం 25.000 నుంచి 25.021 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు. జి6 షాఫ్టు 24.980 నుంచి 24.993 దాకా ఉండొచ్చు. అంటే మీరు ఎంతో శ్రద్ధగా సరిగ్గా 25.000కు తిప్పిన షాఫ్టు రిజెక్టే! డ్రాయింగ్ గీసినవాడికి కావాల్సింది గుండ్రటి అంకె కాదు, బుష్‌కూ షాఫ్టుకూ మధ్య నూనె పొర నిలిచే సందు. చిన్న రంధ్రంలో పెద్ద షాఫ్టు పడితే సందు 7 మైక్రాన్లు, పెద్ద రంధ్రంలో చిన్న షాఫ్టు పడితే 41 మైక్రాన్లు. ఏ రెండు కలిసినా ఈ మధ్యలోనే ఉండాలి.

ఇక్కడ షాఫ్టుకు ఇచ్చిన వెసులుబాటు మొత్తం 13 మైక్రాన్లు. మీ వెర్నియర్‌లో కనీస కొలత 20 మైక్రాన్లు. వెర్నియర్ పెట్టి ఈ షాఫ్టును పాస్ చేయడమంటే కిరాణా తక్కెడలో బంగారం తూచినట్టే. మైక్రాన్ చూపించే మైక్రోమీటరో, స్నాప్ గేజో అడిగి తెచ్చుకోండి. గేజ్‌లో ‘గో’ వైపు దూరాలి, ‘నో గో’ వైపు దూరకూడదు.

ఇంకో మాట. కట్ అయిన వెంటనే జాబ్ వేడిగా ఉంటుంది. 25 మిల్లీమీటర్ల ఉక్కు ఇరవై డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మైక్రాన్లు ఉబ్బుతుంది. మెషీన్ మీద 24.984 చూపించి పాసైన షాఫ్టు చల్లారాక 24.978కి దిగి ఫెయిలవుతుంది. మైక్రోమీటర్ తప్పు, ఇన్‌స్పెక్టర్ తప్పు అని గొడవపడేముందు జాబ్ చేత్తో పట్టుకుని చూడండి. మైక్రోమీటరూ అదీ ఒకే వేడిలో ఉండాలి.

పొడవుల దగ్గర ఇంకో తికమక ఉంది. అదే షాఫ్టు మొత్తం పొడవు 120, మొదటి మెట్టు 40, రెండోది 50, చివరిది కుండలీకరణంలో 30 అని ఉంది. విడిగా టాలరెన్స్ రాయని కొలతలకు టైటిల్ బ్లాక్‌లో ‘ఐఎస్ఓ 2768-ఎమ్’ అని ఉంటుంది. దాని ప్రకారం 40, 50, 120 మూడింటికీ 0.3 ఎక్కువా తక్కువా చెల్లుతుంది. ఒకసారి మా దగ్గరికొచ్చిన ఇంటర్న్ ఒకమ్మాయి కొలిస్తే 40.2, 50.2, 119.8 వచ్చాయి. చివరి మెట్టు 29.4 ఉంది. ‘సార్, 30కి ఈ చార్టులో 0.2 మాత్రమే ఉంది, ఇది రిజెక్ట్’ అంది.

లెక్క బాగానే చేసింది. కానీ కుండలీకరణంలో ఉన్న 30 సమాచారం కోసం రాసినది, తనిఖీ కోసం కాదు. మిగతా మూడూ లోపలే ఉన్నాయి కాబట్టి షాఫ్టు పాస్. నాలుగింటికీ టాలరెన్స్ పెడితే ఒకదాని తేడా ఇంకోదాని మీద పడి, మూడు ఒప్పుకున్నదాన్ని నాలుగోది తప్పంటుంది. అందుకే పనిలో ఏమీ ఆనుకోని మెట్టును చూసి, తేడాలన్నీ అక్కడ పోగుపడేలా వదిలేస్తారు. కుండలీకరణం ఎక్కడుందో చూస్తే ఆ షాఫ్టులో ఏ భాగం ముఖ్యమో, ఏది కాదో కూడా తెలిసిపోతుంది.

అన్నట్టు, ఎక్కడైనా కొలత రాయకపోతే కాగితం మీద స్కేలు పెట్టి కొలవకండి. జిరాక్స్‌లో బొమ్మ చిన్నదో పెద్దదో అయి ఉంటుంది. వెళ్లి అడగండి, అడిగినందుకు ఎవరూ కొట్టరు.

రేపు డ్రాయింగ్ చేతికి రాగానే ముందు కిందిమూలన యాంగిల్ గుర్తు చూడండి. తర్వాత విడి కాగితం మీద ప్రతి కొలతకూ కనిష్ఠం, గరిష్ఠం రెండంకెలూ రాసుకోండి. ఆ రెండంకెలూ రాయలేకపోయిన కొలతకు మాత్రం టూల్ ఆనించకండి.

మీ మేలు కోరే
ఓ పాత టర్నర్