‘చిన్న మార్పే కదా బ్రదర్’

సింగపూర్‌లో సొంతంగా ప్రాజెక్టులు చేసుకునే మన సాఫ్ట్‌వేర్ వాళ్లు కలిసినప్పుడు రెండు ఫిర్యాదులు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి, క్లయింట్ పని పెంచుకుంటూ పోతున్నాడని. రెండు, డబ్బులు ఇవ్వడం లేదని. ఇవి రెండు వేర్వేరు బాధలని నేనూ అనుకునేవాణ్ని. గత ఏడాది నా మీదికే వచ్చాక తెలిసింది, చాలాసార్లు రెండూ ఒకటేనని.

ఉద్యోగం మారే మధ్య కాలంలో ఒక పని ఒప్పుకున్నాను. మూడు శాఖలున్న ఒక ట్యూషన్ సెంటర్‌కి పిల్లల నమోదు, టైమ్‌టేబుల్, పేనౌతో ఫీజు వసూలు చేసే సిస్టమ్ కట్టాలి. యజమాని మనవాడే. ఉగాది వేడుకలో పరిచయం. 150 గంటల పని, గంటకు 80 డాలర్ల లెక్కన 12,000 సింగపూర్ డాలర్లు, ఎనిమిది వారాలు అనుకున్నాం. మొహమాటం కొద్దీ ఒకే పేజీ కొటేషన్ రాశాను. అందులో పదకొండు పనులు ఉన్నాయి. చివర ఒక వాక్యం ఉంది: ‘పని పూర్తయి, మీరు సంతృప్తి చెందాక మిగిలిన 40 శాతం చెల్లించాలి’.

నన్ను ముంచింది ఆ వాక్యమే.

ఏడో వారానికి పదకొండు పనులూ అయిపోయాయి. డెమో చూసి ఆయన సంతోషించాడు. ‘చిన్న మార్పే కదా బ్రదర్, ఫీజు కట్టని తల్లిదండ్రులకు వాట్సాప్‌లో గుర్తు చేసేలా పెట్టండి’ అన్నాడు. పెట్టాను. తర్వాత అన్నాచెల్లెళ్లు ఇద్దరూ చేరితే డిస్కౌంట్, ఆ తర్వాత తల్లిదండ్రులకు వేరే లాగిన్, నెలవారీ రిపోర్టు, మధ్యలో మానేసిన పిల్లలకు ఫీజు వాపసు లెక్క. ఒక్కొక్కటి విడిగా చూస్తే నిజంగా చిన్నదే. పందొమ్మిదో వారానికి నేను రాసుకున్న అదనపు గంటలు 110. అప్పటికి చేతికి వచ్చింది 7,200 డాలర్లు. 260 గంటలకు ఆ మొత్తాన్ని పంచితే గంటకు 28 డాలర్లు కూడా పడలేదు.

ఆయన మోసగాడని నేను అనను. ‘సంతృప్తి’ మీద తాళం పెట్టి, తాళంచెవి ఆయన చేతికే ఇచ్చాను. కొత్త కోరిక ఒకటి మిగిలి ఉన్నంతకాలం పని ‘పూర్తి’ కాదు. పూర్తి కానంతకాలం 4,800 డాలర్లు కట్టే రోజు రాదు. అడగడానికి ఆయనకు ఖర్చు లేదు, ఆపడానికి కారణమూ లేదు.

ఇప్పుడు నా కొటేషన్లలో ‘సంతృప్తి’ అన్న మాట లేదు. దాని స్థానంలో తేదీ ఉంది. పని అప్పగించిన రోజు నుంచి ఏడు పనిదినాల్లో, జాబితాలోని ఏ అంశం పని చేయడం లేదో రాసి పంపాలి. రాయకపోతే అంగీకరించినట్టే. అంగీకరించాక 14 రోజుల్లో చెల్లింపు. లోపం వేరు, కొత్త కోరిక వేరు అన్న గీత ఇక్కడే పడుతుంది. ఫీజు లెక్క తప్పు వస్తే అది నా లోపం, ఉచితంగా సరిచేస్తాను. ఇద్దరు పిల్లలకు డిస్కౌంట్ జాబితాలో లేదు కాబట్టి అది కొత్త పని.

కొత్త పని అడిగితే కాదనక్కర్లేదు. వాట్సాప్‌లోనే మూడు వాక్యాలు చాలు: ‘తల్లిదండ్రుల లాగిన్ మొదటి జాబితాలో లేదండీ. దానికి 20 గంటలు, 1,600 డాలర్లు, ఆరు పనిదినాలు పడుతుంది. మీరు ఓకే అంటే మొదలుపెడతాను, ఇప్పటికే అప్పగించిన పని బిల్లుకు దీనితో సంబంధం లేదు.’ ఆ చివరి వాక్యం మరిచిపోవద్దు. అది లేకపోతే పాత డబ్బు కొత్త పని వెనక మళ్లీ దాక్కుంటుంది. ఇలా ధర చెప్పగానే నా అనుభవంలో సగం కోరికలు ‘సరే, తర్వాత చూద్దాం’ అయిపోతాయి.

అప్పటికే ఇరుక్కున్నవాళ్ల సంగతి? నేను చేసింది చెబుతాను. ముందు కొత్త పని ఆపేశాను. పదకొండు పనులూ ఏ తేదీన అప్పగించానో రాసి, గడువు తేదీతో ఇన్వాయిస్ పంపాను. ‘మన మధ్య ఇవన్నీ ఎందుకు బ్రదర్’ అని జవాబొచ్చింది. డబ్బు రాలేదు. సొంతంగా పనిచేసేవారి చెల్లింపు వివాదాలకు సింగపూర్‌లో 2018 మార్చి నుంచి టీఏడీఎం అనే సంస్థలో మధ్యవర్తిత్వం ఉంది. కానీ అది స్వచ్ఛందం, అవతలివాడు ఒప్పుకుంటేనే. ఆయన ఒప్పుకోలేదు.

మిగిలింది స్మాల్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్స్. సేవల ఒప్పందం మీద 20,000 డాలర్ల దాకా, ఇద్దరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే 30,000 దాకా అక్కడ వేయొచ్చు. వివాదం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. లాయర్లకు ప్రవేశం లేదు, కాగితాలన్నీ ఆన్‌లైన్‌లోనే. వేసే ముందు అక్రా రిజిస్టర్‌లో కంపెనీ పేరు సరిచూసుకోవాలి. ఒప్పందం ప్రైవేట్ లిమిటెడ్‌తో అయితే ప్రతివాది ఆ కంపెనీయే, మన బ్రదర్ కాదు.

అదనపు 110 గంటలకు 8,800 కలిపి మొత్తం 13,600 అడుగుదామనుకున్నాను. చాట్ మొత్తం తిరగేస్తే, ఆయన దానికి డబ్బిస్తానన్న మాట ఎక్కడా లేదు. నేను అడిగిన మాట కూడా లేదు. ‘తప్పకుండా సర్, చేసేద్దాం’ అని నేనే పదిసార్లు రాశాను. చదువుతుంటే సిగ్గేసింది. ఎవరు చూసినా అది మంచితనంతో ఉచితంగా చేసినట్టే కనిపిస్తుంది. అందుకే 4,800 మాత్రమే వేశాను. దానికి రుజువులు గట్టివి: డెమో తర్వాత ఆయన పంపిన మెచ్చుకోలు, మూడు శాఖల్లోనూ రోజూ సిస్టమ్ వాడుతున్నట్టు ఆయనే పంపిన స్క్రీన్‌షాట్లు. వాడుకుంటూ పూర్తి కాలేదనడం కష్టం.

ఆ మధ్యలో కోపంలో సర్వర్ ఆపేద్దామనిపించింది. పాస్‌వర్డ్ ఇంకా నా దగ్గరే ఉంది మరి. ఆ పని మాత్రం ఎవరూ చేయొద్దు. అనుమతి లేకుండా అవతలివారి సిస్టమ్‌ను ఆపితే కంప్యూటర్ మిస్యూజ్ చట్టం కింద మనమే నేరస్తులమయ్యే ప్రమాదం ఉంది. దానికి బదులు కోడ్ హక్కులను వాడుకోవచ్చు. ఉద్యోగిగా కాకుండా బయటి వ్యక్తిగా రాసిన కోడ్ మీద కాపీరైట్, రాతపూర్వకంగా బదిలీ చేయనంతవరకు రాసినవారిదే. ‘పూర్తి చెల్లింపు అందాకే హక్కులు బదిలీ’ అన్న వాక్యం ఇప్పుడు నా ఒప్పందాల్లో ఉంటోంది.

ఇవన్నీ పనిచేసే హక్కు ఉన్నవారికే. నేను పర్మనెంట్ రెసిడెంట్‌ని. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉండి వారాంతాల్లో బయటి పని చేస్తే అది పాస్ నిబంధనల ఉల్లంఘన. డిపెండెంట్ పాస్ మీద ఉన్నవారూ, 2021 మే నుంచి, ఉద్యోగం చేయాలంటే సొంత వర్క్ పాస్ తెచ్చుకోవాలి. ఈ పరిస్థితిలో పని చేయించుకుని డబ్బు ఎగ్గొట్టేవాడికి, అవతలివారు ఫిర్యాదు చేయలేరని బాగా తెలుసు. తక్కువ ధరకు ‘మనవాళ్లనే’ వెతికేవారిలో కొందరు వెతికేది ఇదేనని నా అనుమానం.

నా కేసు విచారణ దాకా పోలేదు. రిజిస్ట్రార్ ముందు జరిగిన మొదటి సమావేశంలోనే 4,300 డాలర్లకు, రెండు వాయిదాల్లో ఇచ్చేలా ఒప్పందం కుదిరింది, ఉత్తర్వుగా నమోదైంది. 500 వదులుకున్నాను. ఉత్తర్వు చేతికొచ్చినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కాదు. అవతలివారు కట్టకపోతే అమలు కోసం మళ్లీ విడిగా దరఖాస్తు, ఖర్చు ఉంటాయి. మొదటి వాయిదా గడువుకు వచ్చింది. రెండోది తొమ్మిది రోజులు ఆలస్యంగా, ‘సారీ బ్రదర్’ అన్న మెసేజ్‌తో వచ్చింది.