ఉమ్మడి పొదుపుకు ముందు ఒక బాకీ

ప్రియమైన జీవిత సహచరికి,

కార్యాలయంలో ఏటా లక్షల రూపాయల బడ్జెట్ వేసే నేను, మన ఇంటి లెక్క ఏనాడూ నీ ముందు పెట్టలేదు. నిన్న రాజమహేంద్రవరంలో గోదావరి గట్టున కూర్చుని ఆ లెక్క వ్రాయబోతే, మొదటి పంక్తిలోనే నా బాకీ కనిపించింది. నికాహ్ నాడు ఒప్పుకున్న యాభై వేల మహర్ నీకు ఇవ్వలేదు. తొలిరాత్రి సిగ్గుపడుతున్న నీచేత "మాఫ్ చేశాను" అనిపించుకున్నాను. మనస్ఫూర్తిగా ఇవ్వని మాఫీతో అప్పు తీరదు.

నెలకు ఇంటి ఖర్చులు పోను ముప్పై వేలు మిగులుతున్నాయి. పది నెలలపాటు అందులో ఐదు వేలు నీ సొంత ఖాతాలో వేస్తాను. అది మహర్, ఇంటికి వాడమని అడగను. పదిహేను వేలు అమ్మాయి చదువుకు, పది వేలు మన హజ్‌కు. మహర్ తీరాక ఆ ఐదు వేలూ హజ్ పొదుపులో కలుద్దాం.

నీ పన్నెండు కాసుల బంగారం, అంటే 96 గ్రాములు, నీ ఆస్తే. అది 87.48 గ్రాముల నిసాబ్ దాటింది గనుక ఏటా రెండున్నర శాతం, 2.4 గ్రాముల విలువ, జకాత్ నీపై ఉంది. నీవు అనుమతిస్తే నేను చెల్లిస్తాను.

ఉమ్మడి ఖాతాలో ఎవరి వాటా ఎంతో కాగితంపై వ్రాసుకుందాం. లేకుంటే రేపు నేను లేనినాడు నీ సొమ్ము కూడా నా వారసత్వంలో కలిసిపోయి, బిడ్డలున్న భార్యగా నీకు ఎనిమిదో వంతే మిగలవచ్చు.

ఈ లెక్కలో నీకు నచ్చనిది కొట్టివేసి, నీ కోరికలు వ్రాసి ఇవ్వు.

నీ భర్త